“షుగర్ ఇంజెక్షన్ లాంటిదే, ఎక్కడైనా గుచ్చుకో” అన్న ఫార్వర్డ్‌కు జవాబు

“ఆల్‌ప్రోస్టడిల్ కూడా ఇన్సులిన్ లాంటిదే, అంగంలో ఎక్కడ గుచ్చుకున్నా పనిచేస్తుంది. లేవకపోతే వెంటనే ఇంకో డోసు వేసుకో. ఒకే చోట పొడిస్తే అలవాటవుతుంది, నొప్పి తగ్గుతుంది. ఎంతసేపు నిలిస్తే అంత లాభం.”

ఆ ఫార్వర్డ్‌లోని మాటలివి, వీటిని నమ్మవద్దు. ఇన్సులిన్ చర్మం కింది కొవ్వులోకి వెళ్తుంది. అంగం లేవడానికి వేసుకునే ఆల్‌ప్రోస్టడిల్ మాత్రం అంగం లోపల, రెండు పక్కలా ఉండే మెత్తని కండరపు గొట్టాల్లో ఒకదానిలోకి చేరాలి. రెంటికీ మధ్య రక్తం పారే దారి ఉంది కాబట్టి ఒక వైపు వేస్తే చాలు. అంగాన్ని గడియారం ముఖంలా ఊహించుకుంటే 12 దగ్గర నరాలు, రక్తనాళాలు, 6 దగ్గర మూత్రనాళం ఉంటాయి; ఆ రెండు చోట్లా గుచ్చకూడదు. మొదలుకు దగ్గరగా, పక్క భాగంలో, పైకి కనిపించే సిరలను తప్పించి, సన్నని అరంగుళం సూదిని చర్మానికి నిటారుగా దించాలి. మందు నెట్టేటప్పుడు గట్టిగా అడ్డుపడినా, చర్మం కింద ఉబ్బి మండినా సూది సరైన చోట లేదని అర్థం.

డోసు మాట కొంచెం వివరంగా చెప్పాలి. షుగర్ ఉన్న ఒకాయన అనుకుందాం. క్లినిక్‌లో 2.5 మైక్రోగ్రాములతో మొదలు. కాస్త కదలిక వచ్చింది, చాలలేదు. కదలిక వచ్చింది కాబట్టి ఆ రోజుకు ఆపి, మర్నాడు 5. అదీ చాలకపోతే ఇంకో రోజు 10. ఆ డోసుకు ముప్పావుగంట నిలిచి తగ్గితే ఇంట్లో వాడాల్సింది 10. అసలు స్పందనే లేనప్పుడు గంటలోపు పెంచి వేయడం ఉంది గానీ, అది క్లినిక్‌లో డాక్టరు పక్కనుండగా చేసే పని. వెన్నుపాము దెబ్బతిన్నవారికి 1.25తోనే మొదలుపెడతారు, వాళ్లకు కొద్దిపాటి మందే ఎక్కువవుతుంది. ఇంట్లో ఒకరోజు లేవకపోతే ఊరుకోవాలి. 24 గంటలకు ఒకటి, వారానికి మూడు, అంతకు మించకూడదు.

ఒకే చోట పొడుస్తూ పోతే అక్కడ గట్టి పీచు కడుతుంది, అంగం వంకర తిరగవచ్చు. వైపులు మారుస్తూ, వేసిన ప్రతిసారీ 5 నిమిషాలు అదిమిపెట్టాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు ఇంకాసేపు. వేళ్లకు కొత్తగా గడ్డ తగిలినా, వంపు కనిపించినా ఇంజెక్షన్ ఆపి యూరాలజిస్టుకు చూపించాలి. వాడుతున్నన్నాళ్లూ అప్పుడప్పుడు డాక్టరు చేత్తో చూడాల్సిందే.

ఇక సమయం. కోరుకోవాల్సింది గంటకు మించని బిగువు. అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంటే తర్వాతి డోసు తగ్గించాలని డాక్టరుకు చెప్పాలి. 4 గంటలు దాటితే సిగ్గుపడి తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. లోపల కదలని రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండరం చచ్చిపోతుంది, ఆ తర్వాత ఏ మందుకూ లేవకపోవచ్చు. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ, అసలు వాడకూడదు. ఎమర్జెన్సీలో సూదితో ఆ రక్తం తీసి, బీపీ చూసుకుంటూ రక్తనాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ అనే మందు ఇస్తారు. మందు పేరు, డోసు, ఎన్నింటికి వేసుకున్నదీ అడగకముందే చెప్పండి.