ఖాళీ బర్నర్‌ను చూసి చలించకండి

వంటింట్లో జరిగే అన్యాయాల్లోకెల్లా ఘోరమైనది వేపుడుకు జరుగుతోంది. అందరికన్నా ముందు దాన్ని స్టవ్ ఎక్కిస్తారు. ఎర్రగా వేగి కరకరలాడే వేళకు దింపి, మూత పెట్టి, గట్టు మీద ఓ మూలకు తోస్తారు. నలభై నిమిషాల తర్వాత అన్నం, పప్పు, సూప్ పొగలు కక్కుతూ వడ్డనకు వస్తే, వేపుడు మాత్రం మెత్తబడి, చల్లబడి, ముఖం వేలాడేసుకుని వస్తుంది. "ఏంటి, ఇవాళ వేపుడు కుదర్లేదా?" అని వండినవాళ్లనే అడుగుతారు. కుదిరిందండీ. నలభై నిమిషాల కిందట చక్కగా కుదిరింది. అప్పుడు తినేవాళ్లెవరూ లేరు, అంతే.

ఇంతటి అన్యాయం వెనక ఒక సిద్ధాంతం ఉంది. 'తేలికైన పని ముందు తెమిల్చేస్తే ఓ పని అయిపోతుంది' అనేదే ఆ సిద్ధాంతం. ఆఫీసులో ఫైళ్లకు ఇది పనికొస్తుంది, ఎందుకంటే సంతకం పెట్టిన ఫైలు చల్లారదు. వంటకం చల్లారుతుంది. వంటలో పని త్వరగా అయిపోవడం ఘనకార్యమేమీ కాదు. అన్నీ ఒకేసారి అవడమే ఘనకార్యం. ఈ రెంటికీ తేడా తెలియని ఇంట్లో ఎంత వంటొచ్చినవాళ్లున్నా సగం భోజనం గోరువెచ్చగానే ఉంటుంది.

కాబట్టి స్టవ్ మీద ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది వండేందుకు పట్టే టైమును బట్టి తేల్చకూడదని ఈ వ్యాసకర్త గట్టిగా ప్రతిపాదిస్తున్నాడు. దింపాక ఎంతసేపు ఓర్చుకోగలదు అన్నదే కొలబద్ద కావాలి. ఓర్పు ఉన్నవాళ్లకు ముందు సీటు, ఓర్పు లేనివాళ్లకు ఆఖరి సీటు. లోకంలో ఓర్పు ఉన్నవాళ్లను ఎప్పుడూ వెనక్కే నెడతారు కాబట్టి ఇది కొంచెం వింతగా అనిపించవచ్చు.

సూప్‌ను చూడండి. లోతైన గిన్నెలో ఒకటిన్నర లీటరు సూప్ మూతపెట్టి పక్కన పెడితే అరగంటైనా నాలుక చురుక్కుమనిపిస్తుంది. అందులో ఉన్నదంతా నీళ్లే, నీళ్లు వేడిని బాగా పట్టి ఉంచుతాయి. గిన్నె వేడి ఎక్కువగా పోయేది పైనుంచి లేచే ఆవిరితోనే, దానికి మూత అడ్డు. ఒకవేళ కాస్త చల్లారినా అయిదు నిమిషాలు మళ్లీ మరిగిస్తే రుచికేం లోటు రాదు. అన్నం కూడా పెద్దమనిషే. మంట ఆపాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తేనే అడుగున ఉన్న చెమ్మ పైదాకా సర్దుకుని మెతుకు మెతుకు విడిగా వస్తుంది. మందపాటి గిన్నెలో అయితే ఇరవై అయిదు నిమిషాలైనా వేడి నిలబెట్టుకుంటుంది. మధ్యలో మూతెత్తి చూసే అలవాటున్నవాళ్లను కాసేపు వంటింటి బయట కూర్చోబెట్టాలి.

వేపుడు సంగతి వేరు. పల్చటి ముక్కలు, వెడల్పాటి మూకుడు, నీళ్లు తక్కువ, గాలి తగిలే మేర ఎక్కువ. మంట ఆపగానే వేడి నాలుగు వైపులా పారిపోతుంది. పోనీ మూత పెడదామా అంటే, ముక్కల్లోంచి వచ్చే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లై తిరిగి వాటి మీదే పడుతుంది. లోపలి చెమ్మ కూడా మెల్లగా పైపొరకు చేరుతుంది. మూత తీస్తే చల్లారుతుంది, పెడితే మెత్తబడుతుంది. ఇలాంటి ప్రాణిని స్టవ్ దింపాక మూడు నిమిషాలకు మించి కాయించడం అమానుషం.

ఇప్పుడు ఒక కేసు విచారణకు తీసుకుందాం. భోజనం ఒంటిగంటకు. రెండు బర్నర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అన్నం, పప్పు, టమాటా సూప్, క్యాబేజీ కూర, బంగాళాదుంప వేపుడు చేయాలి. కూరగాయలు తరిగి ఉన్నాయనుకుందాం. తరగనివాళ్లు పదకొండుకే లేవాలి, వారి అప్పీలు ఇక్కడ స్వీకరించబడదు.

గడియారాన్ని ఒంటిగంట దగ్గర పెట్టుకుని వెనక్కి నడవాలి. వేపుడుకు ఇరవై నిమిషాలు. అది 12.57కి దిగాలి, కాబట్టి 12.37కి పెద్ద బర్నర్ ఎక్కాలి. దాని ముందు అదే బర్నర్ మీద అన్నం, 12.15 నుంచి 12.35 దాకా. దాని ముందు కుక్కర్లో పప్పు, 11.55 నుంచి 12.15 దాకా. పెద్ద బర్నర్ లెక్క అయిపోయింది.

పప్పు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కుక్కర్ దింపగానే పప్పు అయిపోయినట్టు కాదు. లోపలి ప్రెషర్ దానంతట అది దిగడానికి పదిహేను నిమిషాలదాకా పడుతుంది. ఆ పదిహేను నిమిషాలూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది, కానీ బర్నర్ అడగదు. వంట ప్రణాళికలో ఇంతకన్నా ఉదారమైన పాత్ర మరోటి లేదు. చాలామంది మాత్రం కుక్కర్‌ను ఆపేసిన బర్నర్ మీదే ఉంచేసి, 'బర్నర్లు చాలట్లేదు' అని వాపోతుంటారు. రెంటిలో ఒకటి కుక్కర్ విశ్రాంతి గదిగా మారితే చాలకపోక ఏం చేస్తుంది?

ఇక చిన్న బర్నర్. 11.55 నుంచి 12.20 దాకా సూప్, తర్వాత మూతపెట్టి పక్కకు. 12.30కి క్యాబేజీ, 12.45 దాకా. ఆ తర్వాత ప్రెషర్ పోయిన పప్పును మెదిపి, ఉప్పేసి, అయిదు నిమిషాలు ఉడికించి 12.50కి దింపాలి. చివరి అయిదు నిమిషాలు సూప్‌కు రెండోసారి. 12.57కి వేపుడు దిగగానే వడ్డన.

చురుకైన పాఠకులు ఇక్కడో లోపం పట్టేసి ఉంటారు. 12.20 నుంచి 12.30 దాకా చిన్న బర్నర్ ఖాళీ! పది నిమిషాలు! ఖాళీ బర్నర్‌ను చూస్తే మనసు ఊరుకోదు. బస్సులో ఖాళీ సీటు కనిపిస్తే చేతిరుమాలు వేసినట్టు, 'ఈలోపు క్యాబేజీ పెట్టేస్తే పోలా?' అనిపిస్తుంది. పెట్టేస్తారు. అది 12.35కి దిగుతుంది, బర్నర్ మళ్లీ ఖాళీ. మళ్లీ మనసు ఊరుకోదు, ఈసారి పప్పు. అదీ 12.40కి తెమిలిపోతుంది. సూప్ 12.45కి. అన్నీ జరూరుగా అయిపోయాయన్న తృప్తి మిగులుతుంది, కానీ తినే వేళకు క్యాబేజీ దిగి పాతిక నిమిషాలు. కూర కాబట్టి వేపుడంత అవమానం కాదు గానీ, పక్కన పొగలు కక్కే అన్నంతో పోలిస్తే అదో పాత వార్త. ఆ పది నిమిషాలు బర్నర్‌ను ఖాళీగా వదిలెయ్యడం సోమరితనం కాదు, సంయమనం. అంతగా చేతులు ఊరుకోకపోతే గిన్నెలు కడగండి, ఆ పని ఎప్పుడు చేసినా ముందే చేసినట్టే.

ఇంకో బర్నర్ ఉంటే ఈ బాధలుండవనే వాదన ఎప్పుడూ ఉంటుంది. దీనికి గణితశాస్త్రం ఎప్పుడో నీళ్లు చల్లింది. ఏ పని తర్వాత ఏది చేయాలో నియమాలున్నప్పుడు, ఒక జాబితా పట్టుకుని, ఖాళీ అయిన యంత్రానికల్లా జాబితాలో తర్వాతి పని అప్పగించుకుంటూ పోతే, యంత్రాల సంఖ్య పెంచినా కొన్ని సందర్భాల్లో మొత్తం పని ఇంకా ఆలస్యంగా పూర్తవుతుందని రొనాల్డ్ గ్రాహమ్ అనే గణితవేత్త 1966లోనే చూపించాడు. ఆయన మాట్లాడింది స్టవ్‌ల గురించి కాదు. కానీ ఖాళీ దొరికితే ఏదో ఒకటి తోసేసే బుద్ధి యంత్రాలకూ మనుషులకూ ఒకటే.

పైగా నిజమైన ఇరుకు బర్నర్ల దగ్గర లేదు, చేతుల దగ్గర ఉంది. నాలుగు బర్నర్లున్నా మనిషికి చేతులు రెండే, అందులో గరిటె పట్టేది ఒకటి. 12.37 నుంచి 12.45 దాకా క్యాబేజీ, వేపుడు పక్కపక్కనే ఉంటాయి. ఇది నడుస్తుంది, ఎందుకంటే బంగాళాదుంప ముక్కలను మొదటి అయిదారు నిమిషాలు కదపకూడదు. కదిపితే అడుగున ఎర్రటి పొర కట్టదు, ముక్క విరుగుతుంది. క్యాబేజీని ఆ సమయంలో ఒకట్రెండు సార్లు కలిపితే చాలు. అదే ఎడతెగకుండా కలపాల్సినవి రెండు ఒకేసారి పడితే, ఒకటి మాడుతుంది. ఏది మాడాలో మీరు నిర్ణయించరు, ఫోన్ ఎప్పుడు మోగుతుందో అది నిర్ణయిస్తుంది.

వేపుడు టైముకు నడుస్తోందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. మొదట్లో నీళ్లు ఆవిరయ్యే పెద్ద చప్పుడు వస్తుంది. ఎనిమిది, పది నిమిషాలకు అది తగ్గి సన్నటి చిటపటలోకి దిగాలి. పన్నెండో నిమిషానికి కూడా చప్పుడు తగ్గలేదంటే మూకుట్లో ముక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వేగట్లేదు, తమ ఆవిరిలో తామే ఉడుకుతున్నాయి. అప్పుడు మంట పెంచి కంగారుపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. సగం ముక్కలు తీసి పక్కన పెట్టి, రెండో విడతగా వేయించి, ఒంటిగంటను పది నిమిషాలు వాయిదా వేయడమే గౌరవం. సూప్, అన్నం, పప్పు ఆ పది నిమిషాలూ ఏమీ అనుకోవు. క్యాబేజీ కొంచెం అలుగుతుంది.

ఇంత లెక్కా కట్టాక ఒకే ఒక్క అంశం మిగిలిపోతుంది, తినేవాళ్లు. "భోజనానికి రండి" అన్నప్పుడు "ఆ, వస్తున్నా" అని వచ్చే జవాబును జవాబుగా కాక ఒక వంటకంగా లెక్కించాలి. కొందరి 'వస్తున్నా' అయిదు నిమిషాల్లో ఉడుకుతుంది, కొందరిది పావుగంట పడుతుంది. ఇంట్లో ఎవరిది ఎంతో తెలుసుకుని అంత ముందుగా పిలవాలి. ఒంటిగంటకు కూర్చోవాల్సిన పావుగంట మనిషిని 12.45కే పిలవాలి. ఆయనగారు పొరపాటున వెంటనే వచ్చేస్తే చేతికి పళ్లేలు ఇచ్చి సర్దమనడం తప్ప మార్గం లేదు.

ఒకే బర్నర్ ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ఈ అయిదింటికీ కలిపి నూట పది నిమిషాల మంట కావాలి, అంటే 11.07కే మొదలుపెట్టాలి. సూప్, పప్పు, అన్నం ఆ వరుసలో ముందు వండేసి, అన్నం గిన్నెను మందపాటి తువ్వాలుతో చుట్టాలి. చివర ఎలాగూ వేపుడే. మధ్యలో క్యాబేజీ, పప్పుకు రెండో ఉడుకు, సూప్‌కు రెండో మరుగు పట్టించే పాటికి అన్నం ముప్పావుగంట పైగా, క్యాబేజీ అరగంట కాచుకుని కూర్చోవాలి. అన్నం తువ్వాల్లో నెట్టుకొస్తుంది. క్యాబేజీ నెట్టుకురాదు. అందుకే క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి పచ్చిగానే పెట్టేయమని ఈ వ్యాసకర్త తీర్పు. పదిహేను నిమిషాల మంట మిగులుతుంది, అది చల్లారిపోయిందని ఫిర్యాదు చేసే హక్కు కూడా ఎవరికీ ఉండదు.