అనుమానమే అనర్హతా?

మీరు రాసిన నమూనా ఒకటి పంపండి అని అడగడం, వచ్చినదాన్ని కృత్రిమ మేధ రాతను పసిగడతామనే ఒక సాఫ్ట్‌వేర్‌లో పడేయడం, అది ‘యంత్రం రాసింది’ అనగానే దరఖాస్తును బుట్టదాఖలు చేయడం: రాతపని ఉద్యోగాల్లో ఈ పద్ధతి పాకుతోంది. తిరస్కరణకు కారణం అభ్యర్థికి సాధారణంగా చెప్పరు. ఒకవేళ చెప్పినా, ‘నేనే రాశాను మహాప్రభో’ అని రుజువు చేసుకునే దారి లేదు. దొంగ అని ముద్ర వేసి, సాక్ష్యం చూపకుండా, వాదన వినకుండా వేసే శిక్ష ఇది.

ఆ సాఫ్ట్‌వేర్ మాటకు విలువెంత? చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి పరికరం ఒకటి విడుదల చేసింది. సంస్థ సొంత పరీక్షల్లోనే అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం ఖాతాలో వేసింది. లెక్క వేసి చూడండి. వెయ్యి దరఖాస్తుల్లో 200 యంత్రం రాసినవి, 800 మనుషులు రాసినవి అనుకుందాం. దొరికే దొంగలు 52 మంది, బలయ్యే నిర్దోషులు 72 మంది. మిగిలిన 148 మంది దొంగలు దర్జాగా ఇంటర్వ్యూకు వెళ్తారు. కచ్చితత్వం తక్కువని ఒప్పుకొని ఆ సంస్థ అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించింది. కన్నవాళ్లకే ఆనవాలు దొరకని బిడ్డను గుర్తుపడతామంటూ ఇతరుల పరికరాలు మాత్రం అంగట్లో అమ్ముడవుతూనే ఉన్నాయి.

తెలుగు అభ్యర్థులకు ఇందులో మరో ఉరి ఉంది. ఇలాంటి పరికరాల్లో చాలావాటికి ప్రధాన కొలబద్ద, తరువాతి మాట ఏదో ముందే ఊహించగలమా లేదా అన్నది. తేలికగా ఊహించగలిగితే యంత్రం రాతేనని అనుమానిస్తాయి. ఇంగ్లిష్‌ను బడిలో నేర్చుకున్నవారు తెలిసిన మాటలతో, తప్పు పోకుండా, తిన్నగా రాస్తారు. అదే వారి నేరం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలకు ఇచ్చి చూశారు. 89 వ్యాసాలను కనీసం ఒక పరికరమైనా యంత్రం రాతగా తేల్చింది. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. మాస్టారు చెప్పినట్టు వ్యాకరణం నేర్చుకోవడం ఇక అనుమానాస్పద చర్య అన్నమాట!

దరఖాస్తులు వేలల్లో వస్తున్నాయని, వడపోత తప్పదని యాజమాన్యాలు అంటున్నాయి. నిజమే కావచ్చు. వడపోతకు జల్లెడ కావాలి గానీ సోదె కాదు.

ఎదుట కూర్చోబెట్టి రాయించండి. ఇది కొత్త వింత కాదు. స్టేట్ బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ల మెయిన్స్‌లో అభ్యర్థులు కంప్యూటర్ మీద 30 నిమిషాల్లో 50 మార్కులకు రాత పరీక్ష రాస్తారు. ఆబ్జెక్టివ్ భాగంలో గట్టెక్కినవారి జవాబులనే దిద్దుతారు. ఇంతమందికి పరీక్ష పెడితే ఖర్చవుతుందంటారా? దానికీ అదే జవాబు: అందరికీ అక్కర్లేదు, తుది జాబితాలోని పాతిక మందికి చాలు. పత్రికా కార్యాలయాల్లో ఉపసంపాదకులను ఎంచుకునే పాత పద్ధతీ ఇదే: ఇంగ్లిష్ వార్త చేతికిచ్చి తెలుగులోకి మార్చమనడం, చిందరవందర కథనాన్ని కుదించమనడం.

పరీక్ష పెట్టడమూ తెలియాలి. ‘నా ఆశయం’ వంటి అంశం ఇస్తే ఇంటి దగ్గర బట్టీపట్టి వస్తారు. ఉద్యోగంలో చేయబోయే పనే ఇవ్వాలి. ఖాతాదారు ఫిర్యాదు లేఖ, సంస్థ నిబంధనల పుట రెండూ ముందుపెట్టి, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ మీద గంటలో 250 మాటల జవాబు రాయమనాలి. దేనికెన్ని మార్కులో ముందే నిర్ణయించి, పేర్లు మూసి, ఇద్దరు విడివిడిగా దిద్దాలి. తెలుగులో రాయాల్సివస్తే అభ్యర్థికి అలవాటైన కీబోర్డు ఉండాలి. లేదంటే పరీక్షించేది రాతను కాదు, వేళ్లను. దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్న కేంద్ర మార్గదర్శకాలను ఇక్కడా పాటించాలి. దూరం నుంచి వచ్చేవారికి ప్రయాణ ఖర్చు సంస్థే భరించాలి. ఇంట్లో కెమెరా ముందు రాయిస్తామంటారా? చూపు పక్కకు తిరిగిందని మరో సాఫ్ట్‌వేర్ చెప్పే సోదె మొదలవుతుంది.

తీరిగ్గా దిద్దుకుంటూ బాగా రాసేవారికి గంట గడువు కొంత అన్యాయమే. అయినా తాను రాసిన కాగితానికే మార్కులు పడ్డాయని అభ్యర్థికి తెలుస్తుంది. అడిగితే చూపించడానికి సంస్థ దగ్గర జవాబుపత్రం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన శాతాన్ని పట్టుకుని ఎవరిని ఏమని అడగాలి?

ఒక గది, ఒక పూట, దిద్దడానికి ఇద్దరు మనుషులు. ఈపాటి శ్రమ కూడా పడలేని యాజమాన్యాలు, తిరస్కరణ లేఖలో అసలు కారణమైనా నిజాయతీగా రాయాలి: ‘మీరు పంపింది మేం చదవలేదు’ అని.