కృత్తిక చివర, రోహిణి మొదట: ఒకే చంద్రుడికి రెండు స్వభావాలు

జన్మనక్షత్రాన్ని బట్టి మనిషి స్వభావం చెప్పే పద్ధతి మీద చర్చంతా ఆ ఫలితాలు నిజమా కాదా అన్న చోటే ఆగిపోతుంది. అంతకన్నా ముందు అడగాల్సింది హద్దుల గురించి. రాశిచక్రంలోని 360 డిగ్రీలను 27 సమభాగాలు చేస్తే ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 కళలు వస్తాయి. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. పుట్టిన వేళకు చంద్రుడు ఏ భాగంలో ఉంటే అదే జన్మనక్షత్రం. ఆ భాగంలోకి అప్పుడే అడుగుపెట్టాడా, ఇక దాటిపోబోతున్నాడా అన్నది స్వభావం చెప్పే శ్లోకానికి పట్టదు.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఒక్కో నక్షత్రానికి నాలుగైదు మాటలతో సరిపెట్టాడు. కృత్తికలో పుట్టినవాడు బాగా తింటాడు, పరస్త్రీల మీద మనసు పోతుంది, తేజస్సు ఉంటుంది, పేరు తెచ్చుకుంటాడు. రోహిణిలో పుట్టినవాడు సత్యం పలుకుతాడు, శుచిగా ఉంటాడు, ప్రియంగా మాట్లాడతాడు, బుద్ధి స్థిరంగా ఉంటుంది, చూడచక్కగా ఉంటాడు. ఈ మాటలు గాల్లోంచి ఊడిపడినవి కావనిపిస్తుంది. కృత్తికకు అధిదేవత అగ్ని. ఎంత వేసినా తినేది, వెలిగేది అగ్నే కదా! రోహిణికి ప్రజాపతి అధిదేవత, పైగా ముహూర్త శాస్త్రం దాన్ని స్థిర నక్షత్రాల్లో చేర్చింది. భరణి అనగానే యముడు గుర్తొచ్చి జనం జంకుతారు గానీ, వరాహమిహిరుడు భరణివాళ్లను సత్యవంతులన్నాడు. యముడు ధర్మానికి ప్రభువు కాబట్టి అది కూడా పొసగుతుంది.

చిక్కు వచ్చేది కృత్తిక, రోహిణి కలిసే గీత దగ్గర. మేషం మొదటి నుంచి లెక్కిస్తే కృత్తిక సరిగ్గా 40 డిగ్రీల వద్ద ముగుస్తుంది. 2000లో పుట్టిన ఒకరి జాతకం తీసుకుందాం. విషువత్తు నుంచి మొదలయ్యే రాశిచక్రానికీ, నక్షత్రాల ఆధారంగా మొదలయ్యే రాశిచక్రానికీ మధ్య ఉన్న తేడానే అయనాంశ అంటారు. అది తీసెయ్యకముందు, అంటే సాయన లెక్కలో, చంద్రుడు 63 డిగ్రీల 30 కళల వద్ద ఉన్నాడనుకుందాం. ఎక్కువమంది వాడే లాహిరి అయనాంశ ఆ ఏడాదికి సుమారు 23 డిగ్రీల 51 కళలు. అది తీసేస్తే 39 డిగ్రీల 39 కళలు మిగులుతాయి, అంటే కృత్తిక నాలుగో పాదం. రామన్ అయనాంశ దాదాపు 22 డిగ్రీల 24 కళలు. అది తీసేస్తే 41 డిగ్రీల 6 కళలు, రోహిణి మొదటి పాదం. ఆకాశంలో చంద్రుడు అంగుళం కూడా కదల్లేదు. కానీ గణం రాక్షసం నుంచి మనుష్యానికి మారింది, పేరు మొదటి అక్షరం 'ఏ' నుంచి 'ఓ'కు మారింది, తిండిపోతు కాస్తా స్థిరబుద్ధి గలవాడయ్యాడు.

లాహిరినే నమ్ముకున్నా టెన్షన్ తీరదు. ఈ జాతకంలో గీతకు 21 కళలే మిగిలాయి. చంద్రుడు గంటకు సగటున 33 కళలు నడుస్తాడు కాబట్టి, పుట్టిన సమయం 40 నిమిషాలు ఆలస్యంగా రాసుకున్నా నక్షత్రం రోహిణి అయిపోతుంది.

అదే జాతకంలో, ఏ వయసులో ఏ గ్రహం ప్రభావం నడుస్తుందో చెప్పే దశ లెక్క ఎలా నడుస్తుందో చూస్తే తేడా తెలుస్తుంది. కృత్తిక అయితే ఆరేళ్ల రవి దశలో సుమారు రెండు నెలలే మిగులుతుంది, తర్వాత పదేళ్ల చంద్ర దశ. ఇది పదేళ్ల రెండు నెలల వయసుకు ముగుస్తుంది. రోహిణి అయితే చంద్ర దశతోనే మొదలై తొమ్మిదేళ్ల రెండు నెలలకు ముగుస్తుంది. నక్షత్రం మారినా దశల్లో వచ్చిన తేడా ఏడాది మాత్రమే. ఎందుకంటే దశ లెక్క నక్షత్రంలో ఎంత భాగం గడిచిందో చూస్తుంది. స్వభావ ఫలితం పేరు మాత్రమే చూస్తుంది. ఒకే శాస్త్రంలో ఒక లెక్క ఇంత సున్నితంగా, మరొకటి ఇంత మొరటుగా ఉండడం నాకు వింతగానే తోస్తుంది.

నక్షత్ర గుణాలకు శాస్త్రీయ రుజువు ఉందని నేను అనను. కానీ సంప్రదాయాన్ని దాని సొంత నియమాలతో చదవాలన్నా పేరొక్కటీ చాలదు. వరాహమిహిరుడే చంద్రరాశి ఫలితాలు చెప్పాక, రాశీ, రాశ్యధిపతీ, చంద్రుడూ బలంగా ఉంటేనే అవి పూర్తిగా ఫలిస్తాయని షరతు పెట్టాడు. పై జాతకంలో ఏ అయనాంశ తీసుకున్నా చంద్రుడు వృషభ రాశిలోనే ఉంటాడు, అది అతనికి ఉచ్చ రాశి. అందుకే ఇలాంటి జాతకంలో నేనైతే రాశికి ఎక్కువ విలువిచ్చి, నక్షత్ర ఫలితాన్ని పక్కన పెడతాను.

మీ నక్షత్రం గీత మీద ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. జాతక చక్రంలో చంద్రుడి స్ఫుటం, అంటే ఏ డిగ్రీ, ఏ కళ వద్ద ఉన్నాడో చూడండి. నక్షత్రం మొదలై గానీ, ముగియడానికి గానీ డిగ్రీన్నర లోపే ఉంటే, రెండు అయనాంశలతోనూ లెక్క కట్టించండి. రెండూ వేర్వేరు నక్షత్రాలు చూపిస్తే, పెళ్లి పొంతనలో 36 గుణాలకు గాను గణానికి ఇచ్చే ఆ 6 గుణాలను ఏ నక్షత్రంతో లెక్క వేశారో జ్యోతిష్కుణ్ని అడగండి.