ప్లే స్టోర్‌లో కంట్రీ మారిస్తే ఏం మారుతుంది, ఏం మారదు?

విదేశాల్లో దిగిన మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఫలానా యాప్ దొరకట్లేదా, ఫలానా సినిమా రావట్లేదా, స్టోర్‌లో కంట్రీ మార్చెయ్, పనైపోతుంది. ఈ సలహా సగమే నిజం. మిగతా సగం వల్ల జనం ఇబ్బంది పడుతున్నారు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి ఆరు నెలలు వచ్చి వెళ్లే పెద్దవాళ్లు.

అసలు చిక్కు ఏంటంటే మన ఫోన్‌లో "దేశం" అనేది ఒక్కచోట ఉండదు. స్టోర్ అకౌంట్‌కి ఒక దేశం ఉంటుంది. ఏ నెట్‌వర్క్ మీద ఉన్నామో దాన్నిబట్టి ఇంకొకటి. మన కార్డు ఇచ్చిన బ్యాంకు ఏ దేశానిదో అది వేరే, ఫోన్ నంబరు ముందుండే కోడ్ వేరే. ఒక్కో సేవ వీటిలో ఒక్కోదాన్ని చూస్తుంది. వీటిలో సులువుగా చేతికి దొరికేది స్టోర్ సెట్టింగ్ ఒక్కటే కాబట్టి, సమస్య ఎక్కడిదైనా అందరూ దాన్నే తిప్పుతారు.

ముందు గూగుల్ ప్లే సంగతి చూద్దాం. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి Settings, అందులో General, దాని కింద Account and device preferences లోకి వెళ్తే Country and profiles కనిపిస్తుంది. అక్కడ మార్చుకోవాలంటే మనం నిజంగా ఆ కొత్త దేశంలో ఉండాలి, ఆ దేశపు కార్డో మరో చెల్లింపు మార్గమో ఇవ్వాలి. మార్చాక కొత్త స్టోర్ పూర్తిగా కనిపించడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఈ మార్పుతో మారేవి మూడు: స్టోర్‌లో ఏ యాప్‌లు కనిపిస్తాయి, ధరలు ఏ కరెన్సీలో ఉంటాయి, డబ్బు ఎలా కట్టొచ్చు. పాత దేశంలో ఉన్న ప్లే బ్యాలెన్స్ పోదు గానీ కొత్త దేశంలో పనికిరాదు, తిరిగి పాత దేశానికి మారేదాకా అలాగే పడి ఉంటుంది. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం, ఒకసారి మారిస్తే మళ్లీ ఏడాది దాకా మార్చనివ్వరు. ఈ మాట ఆ స్క్రీన్ మీదే రాసి ఉంటుంది, కానీ తొందరలో ఉన్నవాళ్లు ఎవరు చదువుతారు?

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక ఇంటి సంగతే చెప్తాను. డాలస్‌లో ఉంటున్న ఒక మిత్రుడి అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. ఇంటి దగ్గర మందుల షాపు యాప్ నాన్నగారి ఫోన్‌లో పెడదామని చూస్తే, ఆ యాప్ ఇండియా స్టోర్‌లో లేదు. అబ్బాయి తన అమెరికా కార్డు ఎక్కించి నాన్నగారి అకౌంట్ దేశం మార్చేశాడు, యాప్ వచ్చింది, అందరూ హాయిగా ఉన్నారు. ఇండియా బ్యాంకు యాప్ అప్పటికే ఫోన్‌లో ఉంది కాబట్టి అదీ పనిచేస్తూనే ఉంది, అందుకే తేడా ఎవరికీ తెలియలేదు.

తెనాలి తిరిగి వెళ్లాక ఆయన కొత్త ఫోన్ కొన్నారు. పాత అకౌంట్‌తోనే లాగిన్ అయ్యారు. బ్యాంకు యాప్ కోసం వెతికితే "మీ దేశంలో అందుబాటులో లేదు" అని వచ్చింది. మనిషి తెనాలిలో, ఫోన్ తెనాలిలో, సిమ్ తెనాలిది, బ్యాంకు బ్రాంచి నాలుగు వీధుల అవతల! కానీ అకౌంట్ ఇంకా అమెరికాలోనే ఉంది. రోజూ వినే భక్తి పాటల యాప్‌కి చందా కడదామంటే ధర డాలర్లలో చూపిస్తోంది, యూపీఐ అనే మాటే లేదు, కొడుకు కార్డు ఒక్కటే కనిపిస్తోంది. ఆ పెద్దాయన తన అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారని రెండు రోజులు టెన్షన్ పడ్డారు. Country and profiles లోకి వెళ్తే ఇండియాకి మార్చుకునే దారి లేదు, ఎందుకంటే ఏడాది నిండలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఇలాగే జరిగిందేమో తెలుసుకోవడం తేలికే. ప్లే స్టోర్ తెరిచి, డబ్బు కట్టి కొనాల్సిన ఏదో ఒక యాప్ ధర చూడండి. ఇండియాలో ఉండి డాలర్ గుర్తు కనిపిస్తే అకౌంట్ దేశం మారి ఉందన్నమాట.

దీనికి విరుగుడు మాత్రం సులువైనదే, తెనాలిలో చివరికి చేసింది కూడా అదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒకటికి మించి గూగుల్ అకౌంట్లు పెట్టుకోవచ్చు, ప్లే స్టోర్‌లో ప్రతి అకౌంట్‌కీ దాని దేశం దానికి విడిగా ఉంటుంది. ఇండియాలో కూర్చుని కొత్త అకౌంట్ ఒకటి తెరిచి, ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ దగ్గర ఆ అకౌంట్‌కి మారి, బ్యాంకు యాప్ దించుకుంటే సరిపోయింది. యాప్ ఏ అకౌంట్ ద్వారా దిగినా ఫోన్‌లో మామూలుగానే పనిచేస్తుంది, బ్యాంకు లాగిన్‌కి ఈ గూగుల్ అకౌంట్‌తో పని లేదు. డబ్బు కట్టి కొన్న యాప్‌లూ చందాలూ మాత్రం కొన్న అకౌంట్‌కే అంటిపెట్టుకుని ఉంటాయి, అది గుర్తుంచుకోవాలి. నిజానికి డాలస్‌లో ఉన్నప్పుడే ఈ పని చేసి, మందుల షాపు యాప్‌ని రెండో అకౌంట్‌తో దించుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఏళ్లుగా వాడుతున్న అసలు అకౌంట్‌ని కదపకండి, కొత్త దేశానికి కొత్త అకౌంట్ తెరవండి అనేదే నేను అందరికీ చెప్పే మాట. అక్కడే స్థిరపడిపోయి, ఇండియా యాప్‌లతో పెద్దగా పని లేనివాళ్లు అసలు అకౌంట్ మార్చుకున్నా నష్టం లేదు.

ఐఫోన్‌లో పద్ధతి వేరు. యాపిల్ ఏడాది నియమం పెట్టలేదు గానీ గుమ్మం దగ్గరే చాలా అడుగుతుంది. అకౌంట్‌లో మిగిలిన బ్యాలెన్స్ మొత్తం ఖర్చుపెట్టాలి, నడుస్తున్న చందాలు రద్దుచేసి వాటి గడువు తీరేదాకా ఆగాలి, కొత్త దేశపు చెల్లింపు మార్గం ఇవ్వాలి. ఫ్యామిలీ షేరింగ్‌లో ఉన్నవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి, కొన్నవి పంచుకోవాలంటే అందరి అకౌంట్లూ ఒకే దేశంలో ఉండాలి. ఇక్కడా రెండో దారి ఉంది. సెట్టింగ్స్‌లో మన పేరు నొక్కి Media & Purchases వరకు మాత్రం సైన్ అవుట్ చేసి, వేరే దేశపు అకౌంట్‌తో లోపలికి వెళ్లొచ్చు. ఫోటోలూ కాంటాక్టులూ ఉండే ఐక్లౌడ్ పాత అకౌంట్ మీదే ఉంటుంది, దానికేమీ కాదు.

ఇంతవరకూ స్టోర్ సెట్టింగ్ నిజంగా మార్చే వాటి గురించి. సినిమాల విషయానికి వస్తే అది చేసేది దాదాపు ఏమీ లేదు. తెలుగు సినిమా హక్కులు దేశాలవారీగా అమ్ముతారు, ఓవర్సీస్ హక్కులు ఇండియా హక్కులతో కలిపి ఒకరి దగ్గరే ఉండాలని లేదు. అందుకే నెట్‌ఫ్లిక్స్ లాంటివి మనం ఏ దేశపు నెట్‌వర్క్ మీద ఉన్నామో చూసి ఆ దేశపు జాబితానే ముందుపెడతాయి, మన ప్లే స్టోర్ ఏ దేశంలో ఉందో వాటికి అనవసరం. కొన్నిసార్లు సేవే మాయమవుతుంది. 2022 చివర్లో అమెరికాలో హాట్‌స్టార్ ఆగిపోయి, అందులో ఉన్నవి హులు, డిస్నీ ప్లస్‌ల వైపు వెళ్లినప్పుడు స్టోర్ దేశం ఎటు తిప్పినా ఎవరికీ ఒరిగింది లేదు.

యూట్యూబ్‌లో ఉండే Location సెట్టింగ్ గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. దాన్ని ఇండియాకి మార్చుకుంటే మనకు సూచించే వీడియోల్లో కొంత తేడా రావచ్చు. కానీ ఒక దేశంలో బ్లాక్ చేసిన వీడియో దానివల్ల తెరుచుకోదు, ప్రకటనలూ దానివల్ల ఇండియావి అయిపోవు. ప్రకటనలకు ముఖ్యంగా చూసేది మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నాం, ఏం చూస్తున్నాం, ఏ భాషలో చూస్తున్నాం అనేది. డాలస్‌లో కూర్చుని తెలుగు వంటల వీడియో పెడితే మధ్యలో ఇండియాకి డబ్బు పంపే యాప్ ప్రకటనో, వీసా లాయరు ప్రకటనో రావడానికి కారణం అదే. ఇక ప్రీమియం చందా విషయంలో ఆశపడినవాళ్లకు గట్టి దెబ్బే తగిలింది. 2024లో ఇండియాలో నెలకు 149 రూపాయలున్న చందా అమెరికాలో 13.99 డాలర్లు. మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టి చౌక దేశాల్లో తీసుకున్న చందాలను ఆ ఏడాదే యూట్యూబ్ రద్దు చేయడం మొదలుపెట్టింది. ఈ విషయంలో కంపెనీని నేను తప్పుపట్టను.

యూపీఐకి కావాల్సిన దేశం మళ్లీ వేరు, అది ఫోన్ నంబరుది. విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా బ్యాంకుల్లో తెరిచే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2023 జనవరిలో దారి తెరిచింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ వంటి పది దేశాలతో మొదలైంది, తర్వాత ఫ్రాన్స్, మలేషియా చేరాయి. జర్మనీ అందులో లేదు, అందుకే అక్కడ చదువుకునే మన పిల్లలు ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో బతికించుకుంటూ ఉంటారు. ఉన్న దేశాల్లోనూ మన బ్యాంకూ, మనం వాడే యూపీఐ యాపూ రెండూ దీనికి ఒప్పుకుని ఉండాలి. స్టోర్‌ని ఇండియాలో ఉంచినంత మాత్రాన ఇవేవీ తీరవు. ఇండియా కార్డుతో ఆన్‌లైన్‌లో ఏదైనా కట్టాలంటే వచ్చే ఓటీపీ కూడా బ్యాంకులో ఇచ్చిన నంబరుకే వస్తుంది. కాబట్టి విమానం ఎక్కే ముందు సరిచూసుకోవాల్సింది ఆ సిమ్‌కి రోమింగ్ ఆన్‌లో ఉందా లేదా అని.

ఇక నా అభ్యంతరం ఆ ఏడాది తాళం మీద. చౌక దేశానికి మారి కొనుక్కుని తిరిగి వచ్చేవాళ్లను ఆపడానికే ఇలాంటి నియమం అనుకుందాం, ఆ భయం న్యాయమైనదే. కానీ మారేటప్పుడే మనిషి ఆ దేశంలో ఉన్నాడా, ఆ దేశపు కార్డు ఉందా అని ఎలాగూ చూస్తున్నారు. పాత దేశపు బ్యాలెన్స్‌ని విడిగా దాచి ఉంచుతున్నారంటే రెండు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టుకోవడం కూడా వాళ్లకు చేతనవుతోంది. అలాంటప్పుడు ఏడాదిలో ఒక్కసారి, మొదట వచ్చిన దేశానికి తిరిగి వెళ్లే అవకాశం ఇస్తే దుర్వినియోగం ఏం పెరుగుతుంది? ఆరు నెలలకు వచ్చి వెళ్లే తల్లిదండ్రులు, ప్రాజెక్టు మీద నాలుగు నెలలకు వెళ్లి తిరిగొచ్చే ఉద్యోగులు మనవాళ్లలో లెక్కలేనంత మంది ఉన్నారు. వీళ్లెవరూ ధరల కోసం దేశాలు మార్చేవాళ్లు కాదు.

గూగుల్ కన్నా నాకు ఎక్కువ కోపం వచ్చేది మన బ్యాంకుల మీద. ఎన్ఆర్ఐ డిపాజిట్ల కోసం ప్రకటనలు ఇస్తూ, అదే ఎన్ఆర్ఐ కస్టమర్ అమెరికా అకౌంట్‌తో వెతికితే యాప్ కనిపించకుండా ఇండియా స్టోర్‌కే పరిమితం చేసిన బ్యాంకులు ఉన్నాయి. ఏయే దేశాల్లో యాప్ కనిపించాలో ఎంచుకునేది యాప్ పెట్టినవాళ్లే, ప్లే కన్సోల్‌లో ఆ దేశాల జాబితా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఎన్ఆర్ఈ ఖాతా తెరిపించి డిపాజిట్ తీసుకున్న బ్యాంకు, కనీసం ఆ దేశాలనైనా ఆ జాబితాలో చేర్చాలి. మీ బ్యాంకు యాప్ అలా కనిపించకపోతే ఆ స్క్రీన్‌షాట్ జతచేసి, ఏ దేశపు స్టోర్‌లో లేదో స్పష్టంగా రాసి ఎన్ఆర్ఐ విభాగానికి ఫిర్యాదు పంపండి.