నూటికి నూరు దాటిన జిల్లాలు

జనన నమోదు నూటికి నూరు దాటిందని ఏ జిల్లా అయినా చెబితే సంబరపడే ముందు ఆ జిల్లాలో పెద్దాసుపత్రి ఉందేమో చూడాలి. 1969 చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడి రిజిస్టర్‌లోనే ఎక్కుతుంది. తల్లిది ఏ ఊరన్నది లెక్కలోకి రాదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి విశాఖ కేజీహెచ్‌కు కాన్పుకు వచ్చిన తల్లుల బిడ్డలంతా విశాఖ ఖాతాలోకే వెళతారు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం ఎలాగూ ఉంది.

శాతం కట్టేటప్పుడు పుట్టాల్సిన బిడ్డల అంచనాను మాత్రం జిల్లాలో నివసించే జనాభాను బట్టి వేస్తారు. చెరి పది లక్షల జనాభా ఉన్న రెండు పొరుగు జిల్లాలను ఊహించుకుందాం. జననరేటు వెయ్యికి 16 అయితే ఒక్కోచోట 16 వేల మంది పుట్టాలి. ఒక జిల్లా తల్లులు నాలుగు వేల మంది పక్క జిల్లా ఆసుపత్రిలో ప్రసవిస్తే ఒకచోట 125 శాతం, మరోచోట 75 శాతం కనిపిస్తుంది. నిజానికి ఒక్క బిడ్డా తప్పిపోలేదు. ఆ 125 వెనుక నమోదుకాని వెయ్యి మంది దాగినా ఎవరికీ తెలియదు. పైగా నమూనా నమోదు సర్వే జననరేటును రాష్ట్రానికే ఇస్తుంది, జిల్లాలకు ఇవ్వదు. జనాభాకేమో 2011 జనగణనే ఆధారం.

అసలు లోటు మరణాల దగ్గర ఉంది. ఆసుపత్రిలో పోతే సమాచారం ఇచ్చే బాధ్యత ఆసుపత్రిది. ఇంట్లో పోతే ఇంటిపెద్ద 21 రోజుల్లో చెప్పాలి. నెల దాటితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. భూమి పేరు మార్పిడికో, బీమాకో, పింఛనుకో పనికొస్తుందంటే ఎవరైనా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పరుగెత్తుతారు. సెంటు భూమి లేని ముసలమ్మ కోసం, మన్యం గూడెంలో పురిటిలోనే పోయిన పసికందు కోసం కూలి మానుకొని ఎవరు వెళతారు? రిజిస్టర్‌లో ఏడాదిలోపు పిల్లల మరణాలు ఏళ్లతరబడి ఒక్కటీ లేకపోయినా, మగవారి మరణాల్లో ఆడవారివి సగమే ఉన్నా అది ఆరోగ్యానికి గుర్తు కాదు, నమోదు కాలేదనడానికి గుర్తు. ఏఎన్‌ఎం రిజిస్టర్‌ను దీని పక్కనే పెట్టుకుని నెలకోసారి రెండింటినీ సరిచూస్తే ఆ ఖాళీ బయటపడుతుంది.

జననాల చిక్కుకు మందు చేతిలోనే ఉంది. జనన ఫారంలో తల్లి నివాసం ఏదో రాసే గడి ఉంది. దాన్ని బట్టి లెక్కలను తల్లి సొంత జిల్లాకు మళ్లించి, రెండు శాతాలనూ పక్కపక్కనే ప్రచురించాలి. ఆ గడిని ఆసుపత్రి గుమాస్తాలు తల్లి ఊరికి బదులు ఆసుపత్రి ఉన్న ఊరి పేరుతో నింపేస్తే ఈ లెక్క కుదరదు. ముందు అలా జరగకుండా చూడాలి.