తల మనది, కోటు ఎవరిదో

మా చిన్నాన్న కొడుకు నిన్న ఒక ఫోటో పంపి, "అన్నయ్యా, ఉద్యోగాల సైటులో పెడుతున్నాను, ఎలా ఉంది?" అని అడిగాడు. చూశాను. వాడి తల ఉంది. దాని కింద ముదురు నీలం కోటు, తెల్లచొక్కా, మెరూన్ టై ఉన్నాయి. తలకూ కోటుకూ అంతకుముందు పరిచయం ఉన్న దాఖలాలు మాత్రం లేవు.

అసలు ఫోటో నాకు తెలుసు. మెడ గుండ్రంగా ఉండే టీషర్టు వేసుకుని, చెయ్యి చాచి, తల కాస్త వంచి తనే తీసుకున్నది. చెయ్యి చాచినప్పుడు ఆ వైపు భుజం పైకి లేస్తుంది. కొత్త ఫోటోలో రెండు భుజాలూ స్కేలు పెట్టి గీసినట్టు సమంగా ఉన్నాయి, రెండు చేతులూ బుద్ధిగా కిందికి దిగి ఉన్నాయి. మరి ఫోన్ ఎవరు పట్టుకున్నట్టు?

దూరం సంగతి ఇంకా ఘనం. ముఖాన్ని మూరెడు, మూరన్నర దూరం నుంచి తీశారు. కోటును ఏడెనిమిది అడుగుల అవతల నుంచి తీశారు. దగ్గర నుంచి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి, భుజాలతో పోలిస్తే తల పెద్దదవుతుంది. దూరం నుంచి తీసిన కోటు మీద ఆ తలను పెడితే పెళుసు కాడ మీద గుమ్మడికాయ నిలబెట్టినట్టే ఉంటుంది. తలను కుదించినా, ఆ ముక్కు మాత్రం ఎంత దగ్గర నుంచి తీశారో చెబుతూనే ఉంటుంది.

ఇక నేను ముచ్చటపడిన ఘట్టం. వెలుగు వాడి ముఖం మీద ఒక వైపు నుంచి పడింది, కోటు మీద రెండో వైపు నుంచి పడింది. ఎడిట్ చేసిన మహానుభావుడు ఈ తేడా కనిపెట్టాడు, అందుకు ఆయనకు నమస్కారం. కనిపెట్టి, కోటును అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పేశాడు. వెలుగు కుదిరింది. కానీ మగవాళ్ళ కోటుకు పైజేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది, ఎడమ అంచు కుడి అంచు పైకి వచ్చి గుండీ పడుతుంది. ఒక్క నొక్కుతో జేబు గుండె దగ్గర నుంచి లేచి కాలేయం వైపుకు వలస వెళ్ళింది. గుండీలు ఆడవాళ్ళ కోటు పద్ధతిలో పడ్డాయి. ప్రొఫైల్ బొమ్మ గుండ్రంగా, గోరంత కనబడుతుంది కాబట్టి అందులో ఇదంతా దాగిపోతుందనే ధైర్యం కాబోలు. బొమ్మను నొక్కి పెద్దది చేసి చూసేది ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత మెడ చూశాను.

ఆ కోటు సిద్ధంగా దొరికే ఫైలు. ఎవరో మోడల్ మెడతో సహా వచ్చింది. ఆ మెడ తెల్లన, మావాడు చామనఛాయ. చెయ్యాల్సింది చిన్నపని: మోడల్ మెడను చెరిపేసి, మావాడి మెడను గడ్డం కింది నుంచి అలాగే ఉంచి, దాని మీదికి కాలరు తేవాలి. కాలరు మెడను తాకే చోట కింది రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో ఒక పొర పెట్టి, మెత్తటి బ్రష్షుతో పలచగా నీడ వెయ్యాలి. కోటు పోగులన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండి ముఖం మసకగా ఉంటే, కోటునే కాస్త మసక చెయ్యాలి. రంగు తేడా వస్తే కోటు రంగునే దించాలి. ఏం సర్దినా కోటునే సర్దాలి, ముఖం జోలికి పోకూడదు.

ఈయన ఏం చేశాడు? మెడను ఉంచి, మెడకు సరిపోయేలా ముఖాన్ని తెల్లబరిచాడు! ఊరూపేరూ లేని మోడల్ మెడ కోసం మావాడి ముఖం రంగు మార్చాడు. ఎవరిచ్చారండీ ఆ అధికారం? ఆ రంగు మా పిన్నిది. వాడికి ఆ కళ్ళూ ఆ రంగూ ఆవిడ నుంచే వచ్చాయి. కోటుకు నప్పలేదని తల్లి పోలికను తుడిచెయ్యడానికి చెయ్యెలా వచ్చింది? పైగా వాడు దాన్ని చూసి "బాగా వచ్చింది కదా అన్నయ్యా" అంటాడు. వాడికి అలా అనిపించినందుకే నాకు ఒళ్ళు మండింది.

కోపం దిగాక ఫోన్ చేసి చెప్పాను. కాలరున్న చొక్కా వేసుకో, పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడు, ఫోన్ ఇంకొకరికిచ్చి ఆరడుగుల దూరం నుంచి తియ్యమను, కోటు అక్కర్లేదు అన్నాను. కోటు ఉండాల్సిందేనన్నాడు. అయితే ముఖం రంగు వెనక్కి తెప్పించు, మెడ మార్పించు, కనీసం ఆ జేబైనా సరిచేయించు అన్నాను.

గంటలో కొత్త ఫోటో వచ్చింది. "జేబు సరిచేశారు అన్నయ్యా." నిజమే, జేబు ఎడమవైపుకు వచ్చింది. మెడా ముఖమూ అంతే తెల్లగా ఉన్నాయి. ఈసారి బొమ్మ మొత్తాన్నీ తిప్పారు: పుట్టినప్పటి నుంచీ వాడి ఎడమ బుగ్గ మీదున్న పుట్టుమచ్చ ఇప్పుడు కుడి బుగ్గ మీద ఉంది.