తాత చెవి

మా నాయనకు ఫోనంటే చెవికి పెట్టుకునే వస్తువు. అందుకే డల్లాస్ నుంచి మా చెల్లెలు మొదటిసారి వీడియో కాల్ చేస్తే, చెవికి ఆనించుకుని "హలో, ఎవరండీ?" అన్నాడు. అవతల మూడేళ్ల మనవడికి స్క్రీను నిండా తాత చెవే, వెంట్రుకలతో సహా.

తిరుపతిలో ఆదివారం రాత్రి ఏడున్నర, వాళ్లకు పొద్దున తొమ్మిది. "చెవికి కాదు నాయనా, ఎదురుగా పట్టుకో" అన్నాను. ఒళ్లో పెట్టుకున్నాడు. ఈసారి రెండు ముక్కు రంధ్రాలు, వాటి పైన తిరిగే ఫ్యాను. పిల్లోడు "ఫ్యాను! ఫ్యాను!" అని చప్పట్లు కొట్టాడు. పైకెత్తమన్నాను. ఎత్తాడు గానీ బొటనవేలు సరిగ్గా కెమెరా మీద పడింది.

"అక్కడ కరెంటు పోయిందా?" అంది చెల్లెలు.

"మాకేం పోలేదు, మీకే పోయిందేమో చూసుకోండి" అన్నాడు నాయన రోషంగా.

అమ్మ ఫోను లాక్కుంది. ఆమెతో ఇంకో తంటా. మూలనున్న చిన్న పెట్టెలో తన మొహం చూసుకుంటూ కొంగు సర్దుకుని, "తిన్నావా అబ్బోడా?" అని తననే అడుగుతోంది. "అది అద్దమే అనుకో మా. నువ్వు అందులో ఎట్ల కనపడితే వాడికీ దాదాపు అట్లే. మొహం నిండుగా ఉందని ఒకసారి చూసుకుని, ఇంక వాణ్ణే చూడు" అన్నాను. చూస్తే అందులో ఆమె మొహం నల్లగా ఉంది. ట్యూబులైటు వీపు వెనక ఉంది మరి. కుర్చీ అటు తిప్పితే మొహానికి వెలుగొచ్చింది.

మొహం కుదిరాక పరీక్ష మొదలైంది. "నేనెవరో చెప్పు? తాత పేరేంది? అవ్వ కావాల్నా, తాత కావాల్నా?" మూడో ప్రశ్నకు వాడు సోఫా వెనక దాక్కున్నాడు. పెద్దోళ్లకే ఇంటర్వ్యూ అంటే చెమటలు పడతాయి, పసివాడేం చేస్తాడు?

మరుసటి ఆదివారానికి ఏర్పాట్లు నావి. టీపాయ్ మీద పాత పంచాంగాలు దొంతర పేర్చి, దాని మీద బొరుగుల డబ్బా, డబ్బాకు ఫోను ఆనించాను. మొదట జారింది, కింద తువ్వాలు మడిచి పెడితే నిలిచింది. కెమెరా కంటి ఎత్తుకు వచ్చింది, మూరెడు దూరంలో కూర్చోబెట్టాను. చేతులతో పని లేదు కాబట్టి బొటనవేలి భయం కూడా లేదు. ప్రశ్నలు అడగొద్దని, ఏదైనా చూపించమని అమ్మకు చెప్పాను. ఆమె గుప్పెడు బొరుగులు తీసుకుని కూర్చుంది. నాయన ఇస్త్రీ చొక్కా వేసి, నామం దిద్దుకున్నాడు.

కాల్ వచ్చింది. తాత మొహం కళకళలాడుతూ కనిపించింది. పిల్లోడు కాసేపు చూసి, మూతి ముడిచాడు.

"ఇది కాదు. తాత చెవి!"

అంటూ తన చెవి తెచ్చి స్క్రీనుకు ఆనించాడు. నాయన నా వైపు ఒకసారి చూసి, బుద్ధిగా ముందుకు వంగి తన చెవీ ఆనించాడు. డబ్బా పడింది. కింద బొరుగులు ఏరుతూనే అమ్మ, "నా చెవి కూడా చూడు నాయనా, కమ్మలున్నాయి" అంటోంది.